బండి అడిగిన ఉత్తరం, రోజులు అడిగిన ఉత్తరం: పాడేరు ఏజెన్సీలో మొబైల్ క్లినిక్ నిధుల అభ్యర్థనపై కేస్ స్టడీ

పాడేరు ఏజెన్సీలో పద్నాలుగేళ్లుగా ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్లు ప్రభుత్వ ఉపకేంద్రంలో కాంట్రాక్టు మీద, ఆ తర్వాత ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో. 2022 ఆగస్టులో మా సంస్థ తరఫున ఒక ధార్మిక ట్రస్టుకు మొబైల్ క్లినిక్ కోసం 24 లక్షల రూపాయలు కోరుతూ ఉత్తరం రాశాను. ఆరు వారాలకు అది ప్రశ్నలతో తిరిగొచ్చింది. 2023 జనవరిలో మళ్లీ రాసిన ఉత్తరానికి అదే ట్రస్టు 15 లక్షల 40 వేలు మంజూరు చేసింది. ఈ రెండు ఉత్తరాల మధ్య ఏం మారిందో, మంజూరైన ఉత్తరంలో కూడా ఏ తప్పులు మిగిలిపోయాయో ఇక్కడ రాస్తున్నాను. రోగుల పేర్లు, గూడేల పేర్లు, ట్రస్టు పేరు ఇవ్వడం లేదు.

మొదటి ఉత్తరం నాలుగు పేజీలు. మొదటి పేజీ అంతా ఒక డోలీ కథ. నిండు గర్భిణిని వర్షంలో డోలీ కట్టి ఏడు కిలోమీటర్లు మోసుకొచ్చారు. బిడ్డ దారిలోనే పుట్టి చనిపోయింది. ఆ డోలీ వెనుక నేను కూడా నడిచాను కాబట్టి రాసేటప్పుడు చేయి ఆగలేదు. రెండో పేజీలో ఏజెన్సీ గురించి అందరికీ తెలిసిన సంగతులు రాశాను. మూడో పేజీలో కోరికలు: బండికి 11 లక్షలు, దాని లోపల బల్ల, అలమరలు, లైట్లు అమర్చడానికి 3 లక్షలు, పరికరాలకు 4 లక్షలు, ఒక ఏడాది జీతాలకు, డీజిలుకు కలిపి 6 లక్షలు. నాలుగో పేజీలో ట్రస్టు వారి ఉదారత మీద ఒక పేరా, సంతకం.

తిరిగొచ్చిన జవాబులో మర్యాదగా మూడు ప్రశ్నలు వేశారు. రెండో ఏడాది ఈ బండికి డీజిలు ఎవరు పోస్తారు? ప్రభుత్వ 104 వాహనం ఆ మండలంలో తిరుగుతుండగా ఇంకో బండి దేనికి? మీరు కోరిన క్లినిక్ ఆ రోజుకే ఉండి ఉంటే డోలీలో వచ్చిన ఆ తల్లి బిడ్డ దక్కేదా?

మూడో ప్రశ్న చదివి రెండు రోజులు కోపంగా తిరిగాను. మూడో రోజు దానికి జవాబు రాయబోయాను, రాయలేకపోయాను. ఎందుకంటే దక్కేది కాదు. పక్షానికి ఒకసారి పగటిపూట వచ్చి రెండు గంటలు ఆగే బండి, అర్ధరాత్రి నొప్పులు మొదలైన మనిషిని ఎక్కించుకోదు. ఆ అవసరానికి కావలసింది రోడ్డు, 108 అంబులెన్సు, నెలలు నిండకముందే కొండ దించి గర్భిణుల వసతి గృహంలో చేర్చడం. మొబైల్ క్లినిక్ ఆ దారిలో చేయగలిగింది ఒక్కటే: ఏడో నెలలో రక్తహీనతనూ బీపీనీ పట్టుకుని, ఈమెను ముందుగా కిందికి దించాలని చెప్పడం. అది కూడా మా ఏఎన్‌ఎంలు చేస్తూనే ఉన్నారు. అంటే నేను ఒక అవసరం చూపించి, దానికి సంబంధం లేని వస్తువు అడిగాను. ట్రస్టులో ఆ ఉత్తరం చదివినవారిలో ఒకరు విశ్రాంత వైద్యులని తర్వాత తెలిసింది. ఆ తేడా ఆయన కంటపడకుండా ఎలా ఉంటుంది?

మొబైల్ క్లినిక్ నిజంగా మార్చగలిగే జబ్బు ఏది అని అప్పుడు మొదటినుంచి ఆలోచించాను. జ్వరానికి రక్తపు చుక్క తీసి మలేరియా పరీక్ష చేయడానికి ప్రతి గూడెంలో ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది. జ్వరం బండి వచ్చే రోజుదాకా ఆగదు కూడా. ముందుగా నిర్ణయించిన తేదీన, అదే మనిషి దగ్గరికి, నెలనెలా వెళ్తేనే ఫలితం కనిపించే జబ్బులు వేరే ఉన్నాయి. మా ప్రాంతంలో వాటిలో అన్నిటికంటే పెద్దది బీపీ, దాని వెనుక షుగరు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మూడు నెలలు, తెలిసినవారి జీపు అరువు తీసుకుని ఒకే ఒక వారపు సంతలో బల్ల వేశాం. సంతను ఎంచుకోవడానికి కారణం తేలిక. గూడేల జనం ఎలాగూ వారానికోసారి అక్కడికి దిగుతారు. పసుపు, పిప్పళ్లు, చింతపండు అమ్ముకుని ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనుక్కుని సాయంత్రానికి కొండెక్కుతారు. ముప్పై ఏళ్లు దాటిన 212 మందికి బీపీ చూశాం. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన రాసుకోలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని కొండ దిగి వచ్చిన మనిషిని అరగంట కూర్చోబెట్టి చూడాలి, మళ్లీ మరో వారం చూడాలి. రెండు వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినవారిని మాత్రమే రిజిస్టరులో ఎక్కించాం. అలా 58 మంది తేలారు. వారిలో 31 మందికి తమకు బీపీ ఉందని అంతకుముందే ఎవరో ఒకరు చెప్పి ఉన్నారు. ఆ 31 మందిలో ఆ రోజుకు ఇంట్లో మాత్రలున్నవారు తొమ్మిది మంది.

ఆ తొమ్మిది మందిలో ఒక ముసలమ్మ నా రెండో ఉత్తరాన్ని నాకు రాసిచ్చింది అనుకోవచ్చు. చీర కొంగు ముడి విప్పి పది మాత్రల అట్ట ఒకటి తీసి చూపించింది. నెలన్నర కిందట ఇచ్చిన అట్టలు మూడు. లెక్క ప్రకారం పదిహేను రోజుల కిందటే అయిపోయి ఉండాలి. మూడో అట్టలో నాలుగు మాత్రలు నిండుగా, ఒకటి సగానికి విరిచి ఉన్నాయి. విరిచిన చోట మాత్ర పొడి రాలి అట్టంతా తెల్లగా అంటుకుని ఉంది. ఎందుకు విరిచావని అడిగితే, ‘మళ్లీ ఎప్పుడిస్తారో తెలీదు కదమ్మా, సర్దుకోవాలి కదా’ అంది. అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్రను ఆమె ఆరు రోజులు నిండుగా, మిగతా రోజులు సగం చొప్పున వాడుకుంటూ వచ్చింది. ఆమె బీపీ ఆ రోజు 172/98. జబ్బు మీద అశ్రద్ధ అని మేం రిజిస్టర్లలో రాసేదాంట్లో సగం ఇదే: తర్వాతి తేదీ మీద నమ్మకం లేనివాళ్లు మందును గింజల్లా దాచుకుంటారు.

కాబట్టి కావలసింది తేదీ. ఫలానా రోజున ఫలానా చోటికి బండి వస్తుంది, వస్తుందంటే వస్తుంది అన్న నమ్మకం. దాన్ని రూపాయల్లోకి మార్చి చూస్తే, కొనాల్సింది బండిని కాదని, బండి తిరిగే రోజులనని అర్థమైంది. ట్రస్టు వేసిన మొదటి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే దొరికింది.

104 గురించిన ప్రశ్నకు మాత్రం కాగితం మీద కూర్చుంటే జవాబు రాదు. పైగా ఆ రోజుల్లోనే రాష్ట్ర ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టరు పథకాన్ని ప్రయోగాత్మకంగా నడుపుతోంది. 2023 ఏప్రిల్‌లో అది పూర్తిస్థాయిలో మొదలైంది. ఆ పథకంలో డాక్టరు 104 వాహనంలో గ్రామాలకే వచ్చేవారు. దాన్ని చూడనట్టు నటిస్తే ఉత్తరం అక్కడితో ముగిసిపోతుంది, తప్పుబడితే పీహెచ్‌సీతో మా సంబంధం చెడుతుంది. నేను చేసిన పని, మా 58 మంది పేర్ల ఎదురుగా వారి గూడెం, ఆ గూడెం నుంచి 104 ఆగే చోటుకు కాలినడకన పట్టే సమయం రాసుకోవడం. గంటలోపు నడకలో ఉన్నవారు 23 మంది. గంట దాటినవారు 35 మంది. మొదటి 23 మందిని మా క్లినిక్ చూడదని, వారి పేర్లు 104 జాబితాలో చేర్చమని పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుకు ఇస్తామని ఉత్తరంలో రాశాను. ఈ ఒక్క వాక్యం వల్ల మెడికల్ ఆఫీసరు మాకు సహకార పత్రం ఇచ్చారు. బీపీ, షుగరు మాత్రలు పీహెచ్‌సీ నుంచే ఇస్తామని ఆ పత్రంలో రాశారు. దాంతో ఉత్తరంలో మందుల ఖర్చు మూడో వంతుకు తగ్గింది.

రెండో ఉత్తరం రెండు పేజీలు, బడ్జెట్టుకు మరో పేజీ. దాని మొదటి పేరా ఇలా ఉంది:

‘గౌరవనీయులైన కార్యదర్శి గారికి నమస్కారాలు. మా మండలంలో 104 వాహనం ఆగే చోటుకు గంటకు పైగా నడక దూరంలో ఉన్న గూడేలకు చెందిన బీపీ, షుగరు రోగులకు, ముందుగా ప్రకటించిన తేదీల్లో, 12 చోట్ల, పక్షానికి ఒకసారి వైద్యసేవ అందించడానికి ఒక సంవత్సరానికి 15,40,000 రూపాయలు కోరుతున్నాము. ఈ మొత్తంలో వాహనం కొనుగోలు లేదు. సంవత్సరం ముగిసేనాటికి మా రిజిస్టరులో పేరున్న బీపీ రోగులలో సగం మందికి బీపీ అదుపులో ఉండేలా చూడటం మా లక్ష్యం. మూడు నెలలుగా రానివారిని కూడా అదుపులో లేనివారిగానే లెక్కిస్తాము.’

చివరి వాక్యం అక్కడికి రావడానికి ఒక తప్పు కారణం. చిత్తుప్రతిలో సంత క్లినిక్ ఫలితం రాస్తూ, మూడో నెల చివర 47 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చిందని రాశాను. 58 మందిలో రెండోసారి వచ్చినవారు 40 మంది, వారిలో 140/90 కన్నా కిందికి దిగినవారు 19 మంది. 40లో 19 అంటే 47 శాతం పైనే. విశాఖలో ఉండే మా డాక్టరు గారు దాన్ని చదివి, ‘మిగతా పద్దెనిమిది మంది ఎక్కడికి పోయారు తల్లీ?’ అని అడిగారు. 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం, తొలి విడతలో తెలంగాణ కూడా ఉన్నది, అందరినీ లెక్కలో ఉంచే పద్ధతినే పాటిస్తుంది: గత మూడు నెలల్లో చివరిసారి చూసినప్పుడు బీపీ 140/90 కన్నా తక్కువ ఉంటేనే అదుపులో ఉన్నట్టు, రానివాళ్లు రాలేదు కాబట్టి లెక్కలోంచి తప్పుకోరు. ఆ లెక్కన మాది 58లో 19, అంటే 33 శాతం. ఉత్తరంలో 33 అనే రాశాను. చిన్న అంకె రాయడానికి చేయి కాస్త వెనకాడిన మాట నిజమే. కానీ సగం అన్న లక్ష్యానికి అర్థం వచ్చింది ఆ 33 వల్లే.

ఇక బడ్జెట్టు. 12 చోట్లకు పక్షానికోసారి అంటే నెలకు 24 మజిలీలు. రోజుకు రెండు మజిలీలు చేస్తే నెలకు 12 రోజులు. మిగతా రోజుల్లో బండి మా దగ్గర ఊరికే నిలబడి ఉండాల్సిన పని లేదు కాబట్టి డ్రైవరుతో సహా బొలెరోను నెలకు 38,000 అద్దెకు మాట్లాడాం. రోజుకు సగటున 90 కిలోమీటర్లు, 12 రోజులకు 1,080. ఘాట్ రోడ్డులో, మట్టిదారుల్లో లీటరుకు పది కిలోమీటర్లకు మించి రాదు. కంపెనీ చెప్పే మైలేజీ రాసుకుంటే నాలుగో నెలకే డీజిలు డబ్బు అయిపోతుంది. కాబట్టి 108 లీటర్లు, లీటరు వంద రూపాయల చొప్పున 10,800. డాక్టరు గారు ఒక్కో చోటికి నెలకు ఒకసారి వస్తే చాలు, అంటే ఆరు రోజులు, రోజుకు 4,000 చొప్పున 24,000. నర్సుకు 18,000, ఫార్మసిస్టుకు 16,000. పీహెచ్‌సీలో నిల్వ లేని నెలల్లో కొనే మాత్రలకు 9,000, షుగరు స్ట్రిప్పులకు, ఇతర పరీక్షలకు 4,000, రిజిస్టర్లు, ఫోను, సూదుల వ్యర్థాలు పీహెచ్‌సీకి చేర్చడం వంటివాటికి 3,200. నెలకు మొత్తం 1,23,000. ఏడాదికి 14,76,000. బీపీ యంత్రాలు, బరువు తూచే యంత్రం, మడత బల్లలు, గుడారపు గుడ్డ, మందుల పెట్టెలకు ఒక్కసారి అయ్యే ఖర్చు 64,000. ఆ ఒక్కసారి ఖర్చు కాక, రోజుకు 45 మంది చొప్పున వేసుకుంటే ఒక్కో రోగి రాకకు 228 రూపాయలు పడుతుందని కూడా రాశాను, ట్రస్టువారు ఎలాగూ ఆ భాగహారం చేసుకుంటారు కాబట్టి.

అద్దె బండి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. మొదట తక్కువకు వచ్చిన బండి తెల్ల నంబరు ప్లేటుది, అంటే సొంత వాడకానికి రిజిస్టరైనది. దాన్ని అద్దెకు తిప్పుతూ ప్రమాదం జరిగితే బీమా రావడం కష్టం, ఆడిటరు కూడా ఆ బిల్లును ఒప్పుకోరు. పసుపు ప్లేటు బండి నెలకు 5,000 ఎక్కువైనా దాన్నే రాశాం.

ఫార్మసిస్టు జీతం ఎందుకని ట్రస్టులోని వైద్యుడు ఫోనులో అడిగారు. నిజానికి ఆ వరుస చిత్తుప్రతిలో లేదు. డాక్టరు రాని ఆరు రోజుల్లో మందులు నర్సు ఇస్తుందిలే అనుకున్నాం. గూడేల్లో అందరం చేసే పనే అది. కానీ డాక్టరు తన రోగికి తన చేతుల మీదుగా మందివ్వడం వేరు, డాక్టరు లేనప్పుడు ఆయన చీటీ చూసి మందివ్వడం వేరు. రెండోదానికి రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలని ఫార్మసీ చట్టం చెబుతోంది. ఎవరికైనా వికటిస్తే ట్రస్టు పేరు కూడా ఆ కేసులో ఉంటుంది. మా డాక్టరు గారు ఈ సంగతి ముందే పట్టుకోబట్టి ఆ ఫోనుకు జవాబు సిద్ధంగా ఉంది. డాక్టరు లేని రోజున కొత్తగా ఎవరికీ మందు మొదలుపెట్టమని, డాక్టరు రాసిన మందునే మరో విడత ఇస్తామని, బీపీ 180/110 దాటినా, ఛాతీ నొప్పి, మాట తడబాటు, కాలోచేయో పట్టు తప్పడం వంటివి ఉన్నా అక్కడికక్కడే డాక్టరుకు ఫోను చేసి కిందికి పంపిస్తామని చెప్పాను. సిగ్నలు ఏ మజిలీలో దొరుకుతుందో, ఏ మజిలీలో ఎంత దూరం నడిస్తే దొరుకుతుందో జాబితా రాసి ఉత్తరానికి జతచేశాం. పన్నెండింటిలో ఐదు చోట్ల సిగ్నలు లేదు. ఆ ఐదు చోట్లకు డాక్టరు లేని రోజున వెళ్లేటప్పుడు బండి తిరుగుప్రయాణంలో రోగిని దించుతుందని రాసుకున్నాం.

సంస్థ కాగితాలు, అంటే సొసైటీ రిజిస్ట్రేషను, 12ఏ, 80జీ, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, దర్పణ్ నంబరు, మొదటి ఉత్తరంతోనే ఇచ్చాం. వాటితో ఇబ్బంది రాలేదు. ఆ ట్రస్టుకు ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధులు వస్తాయి కాబట్టి సీఎస్‌ఆర్-1 నమోదు కూడా కావాలన్నారు. 2021 ఏప్రిల్ నుంచి అది లేనిదే ఆ రకం డబ్బు తీసుకోవడం కుదరదు. దానికి మూడు వారాలు పోయింది. జిల్లా వైద్యారోగ్య శాఖ కార్యాలయం నుంచి అనుమతి పత్రానికి అంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది.

ఉత్తరంలో నాకు ఇప్పటికీ తృప్తినిచ్చే పేరా ఒకటుంది. దాని పేరు ‘బండి రాని రోజు’. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గెడ్డలు పొంగితే మూడు మజిలీలకు కల్వర్టులు మునుగుతాయి. ఆ మూడు చోట్ల జూన్ మొదటి విడతలోనే 45 రోజుల మాత్రలు ఇస్తామని, బండి ఆగిన చోటు నుంచి ఆశా కార్యకర్త సంచిలో మాత్రలు పంపుతామని, అలా పంపినప్పుడు బీపీ చూడలేదు కాబట్టి ఆ రాకను చూసినట్టుగా లెక్కపెట్టబోమని రాశాను. తప్పిన ప్రతి మజిలీకి ఆ రోజు డీజిలు డబ్బు ట్రస్టుకు తిరిగి చూపిస్తామని కూడా రాశాను. మంజూరు చేసేటప్పుడు కార్యదర్శి గారు ఫోనులో ఈ పేరా గురించే మాట్లాడారు. వారి దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో బండి ప్రతిరోజూ వెళ్లిపోతూనే ఉంటుందట.

మంజూరు రెండు విడతలుగా వచ్చింది. మొదటి ఆరు నెలల రిజిస్టరు చూసి రెండో విడత ఇస్తామన్నారు. 2023 ఏప్రిల్ రెండో వారంలో బండి బయలుదేరింది. నర్సుగా ఆదివాసీ ఒడియా మాట్లాడే అమ్మాయినే తీసుకోవాలని పట్టుబట్టాను. అది ఉత్తరంలో రాయలేదు కానీ రాసి ఉండాల్సింది. ఎందుకంటే తక్కువ జీతానికి మైదానం నుంచి వచ్చే నర్సు దొరికినప్పుడు మా కమిటీలోనే వాదన జరిగింది. సగం మాత్ర వేసుకుంటున్నావా అన్న ప్రశ్న దుబాసీ ద్వారా అడిగితే నిజం బయటికి రాదు.

వర్షాలను తట్టుకున్నాం. మూడు మజిలీలు కలిపి ఏడుసార్లు తప్పాయి, మాత్రలు సంచుల్లో వెళ్లాయి. దెబ్బతిన్నది నేను ఊహించని చోట. నవంబరు రెండో పక్షంలో ఒక మజిలీకి వెళ్తే రిజిస్టరులో ఉన్న 34 మందిలో ఆరుగురు వచ్చారు. జబ్బు పడ్డవాళ్లు, కదల్లేని ముసలివాళ్లు తప్ప గూడెంలో మిగిలింది పిల్లలూ కోళ్లూనే. కాఫీ పండ్లు కోతకొచ్చాయి. పొద్దున ఏడింటికి తోటల్లోకి వెళ్లినవారు సాయంత్రం ఐదింటికి గానీ దిగరు. మేం వెళ్లేది పదకొండింటికి. పద్నాలుగేళ్లు ఇక్కడ పనిచేసిన మనిషిని, ఆ కాఫీ తాగేదాన్ని, గెడ్డలను రాసుకున్నాను గానీ కోతను రాసుకోలేదు. డిసెంబరు, జనవరిలో కాఫీ కోతకు వెళ్లే నాలుగు గూడేలకు మజిలీ వేళను సాయంత్రానికి మార్చబోతే, చీకటి పడ్డాక ఆ దారిలో బండి నడపనని డ్రైవరు ఖచ్చితంగా చెప్పాడు. అతనిది తప్పు కాదు. చివరికి ఆ గూడేల మాత్రలను సంత రోజున సంతలోనే ఇచ్చాం. కాఫీ డబ్బులు చేతికొచ్చే రోజులు కాబట్టి ఆ రెండు నెలలు సంతకు రానివారు లేరు. మూడు నెలలు అరువు జీపుతో కూర్చున్న బల్ల దగ్గరికే తిరిగొచ్చామన్న మాట.

ఏడాది చివర రిజిస్టరులో 352 మంది బీపీ రోగులున్నారు. వారిలో 148 మందికి అదుపులో ఉంది, అంటే 42 శాతం. సగమన్నాం, రాలేదు. అదుపులో లేని 204 మందిలో 121 మంది చివరి మూడు నెలల్లో ఒక్కసారీ రానివారే. వారిలో ఎక్కువమంది కాఫీ గూడేలవారు. మిగతా 83 మంది వచ్చి, మాత్రలు తీసుకుని, అయినా దిగనివారు. ఈ రెండు గుంపులకు మందు వేరు. రెండో గుంపుకు డాక్టరు టెల్మిసార్టాన్ కలపాలి, లేదా మోతాదు పెంచాలి, అది ఆయన పని. మొదటి గుంపుకు మా మజిలీల పట్టిక మార్చాలి, అది నా పని. నివేదికలో రెండింటినీ కలిపి 58 శాతం విఫలం అని ఒక్క అంకెగా రాస్తే, ట్రస్టు ఎవరిని ఏమడగాలో వారికే తెలియదు.

కొంగులో అట్ట దాచిన ముసలమ్మ ఏడాదిలో ఇరవై మూడుసార్లు వచ్చింది. ఐదో నెల నుంచి ఆమె అట్టల్లో విరిచిన మాత్ర కనబడలేదు. చివరిసారి 138/84.

రెండో ఏడాదికి 2024 ఫిబ్రవరిలో రాసిన ఉత్తరంలో బండి ఆగే చోట్లు పన్నెండు నుంచి పదికి తగ్గించాం. 104 దారి కొత్త రోడ్డు మీదుగా మారడంతో రెండు గూడేలు గంటలోపు నడకలోకి వచ్చాయి, వారి పేర్లు మెడికల్ ఆఫీసరుకు ఇచ్చేశాం. అలా నెలకు తగ్గిన నాలుగు మజిలీల స్థానంలో నవంబరు నుంచి జనవరి వరకు నెలకు నాలుగు సంత రోజులు అడిగాం, మిగతా నెలల్లో ఆ డబ్బు అడగలేదు. లక్ష్యం సగమనే రాశాం. దాని కిందనే, నిరుడు 42 దగ్గర ఎందుకు ఆగిందో కాఫీ కోత నెలల హాజరు పట్టికతో సహా పెట్టాం. కార్యదర్శి గారి నుంచి ఈసారి ఒకటే ప్రశ్న వచ్చింది: సంతలో ఎండకు గుడారం సరిపోతుందా, బీపీ చూసే ముందు అరగంట కూర్చోబెట్టే చోటు ఉందా అని. లేదు. బడ్జెట్టులో బెంచీలకు 6,000 చేర్చి తిరిగి పంపాను.